కీటోసెరాస్ లెక్క: ఒకే గొట్టం నుంచి నాకు 36 లక్షలు, మా పెద్దాయనకు 7 లక్షలు

తీరపువాసి

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో భీమిలి వైపు ఒక రొయ్యల హేచరీలో ఆల్గే విభాగంలో కొత్తగా చేరాను. రొయ్య పిల్లలు జోయియా దశలో ఉన్నప్పుడు మేత అంతా కీటోసెరాస్ అనే ఆల్గేనే. కాబట్టి రోజూ ఉదయం ఆల్గే ట్యాంకులో మిల్లీలీటరుకు ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టి, దాన్ని బట్టి పిల్లల ట్యాంకులో ఎన్ని లీటర్లు పోయాలో రాయాలి.

ఈ రోజు 1 మి.లీ. ఆల్గే నీటిని వడగట్టిన 9 మి.లీ. సముద్రపు నీటిలో కలిపి, రెండు చుక్కల లూగోల్ అయోడిన్ వేశాను. కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక న్యూబార్ చాంబర్‌లో నాలుగు మూలల పెద్ద గళ్లలో 38, 31, 42, 33 వచ్చాయి. మొత్తం 144, సగటు 36. దాన్ని 10తో, మళ్లీ 10,000తో గుణిస్తే మి.లీ.కి 36 లక్షలు. అదే గొట్టంలోంచి మా పెద్దాయన కూడా లెక్కపెట్టారు. ఆయన ఈ పనిలో చాలా అనుభవం ఉన్నవారు. ఆయనకు 7 లక్షలు వచ్చింది. రిజిస్టర్‌లో అదే రాశారు.

పిల్లల ట్యాంకు 10 టన్నులు. అందులో ఇప్పుడు మి.లీ.కి 20 వేల కణాలున్నాయి, 80 వేలకు తీసుకురావాలి. నా లెక్క ప్రకారం పోయాల్సింది సుమారు 167 లీటర్లు. రిజిస్టర్ ప్రకారమైతే 857 లీటర్లు. ఎవరి లెక్క సరైనది? ఆయనను ఎదురుగా అడగడానికి మొహమాటంగా ఉంది.

ల్యాబ్ బాబాయ్

నాయనా, నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. తెల్ల రక్తకణాలకు మేమూ ఈ నాలుగు మూలలే లెక్కపెట్టేవాళ్లం. నాలుగింటి మొత్తాన్ని 50తో గుణించాలి, అంతే. నీ 144ను 50తో గుణిస్తే 7,200. మీ పెద్దాయన 7 లక్షలకు ఇది దగ్గరగానే ఉంది కదా, సున్నాల్లో ఎక్కడో తేడా పడి ఉంటుంది. నువ్వు పదివేలతో ఎందుకు గుణిస్తున్నావో నాకు అర్థం కాలేదు.

గంజాం వీధి

నాకు తెలిసి తేడా అంతా పలుచన చేయడంలోనే ఉంటుంది. ఒకటికి పది అంటే కొందరు ఒక వంతు ఆల్గే, పది వంతుల నీరు అనుకుంటారు. అప్పుడు మొత్తం పదకొండు వంతులు. కొందరు మొత్తమే పది అనుకుంటారు. ఆయన ఒక రకంగా, మీరు ఇంకో రకంగా అనుకుని ఉంటారు.

అలల లెక్క

గంజాం వీధి గారూ, మీరన్న అయోమయం నిజంగానే జరుగుతుంది. కాకపోతే దానివల్ల వచ్చే తేడా 10కి, 11కి మధ్య ఉన్నంతే, అంటే పది శాతం. ఇక్కడ తేడా అయిదు రెట్లు. పైగా ఇద్దరూ లెక్కపెట్టింది ఒకే గొట్టం నీళ్లు. కాబట్టి కారణం గొట్టంలో లేదు, చాంబర్‌లోనైనా కాగితం మీదైనా ఉండాలి.

బాబాయ్ గారూ, మీ 50 తప్పు కాదు, అది వేరే పనికి తయారైన సంఖ్య. తెల్లకణాలకు రక్తాన్ని 20 రెట్లు పలుచన చేస్తారు. ఒక్కో మూల గడి 1 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు. లోతు 0.1 మి.మీ. అంటే ఒక్క గడిలో ఉండేది ఘన మిల్లీమీటరులో పదో వంతు. నాలుగు గళ్ల మొత్తాన్ని 4తో భాగించి, 10తో, 20తో గుణిస్తే 50 వస్తుంది. జవాబు ఘన మిల్లీమీటరుకు వస్తుంది. తీరపువాసి చేసిన పలుచన 10 రెట్లే కాబట్టి అక్కడ గుణించాల్సింది 25తో. 144ను 25తో గుణిస్తే ఘన మిల్లీమీటరుకు 3,600. మిల్లీలీటరులో వెయ్యి ఘన మిల్లీమీటర్లు ఉంటాయి కాబట్టి 36 లక్షలు. మీ దారిలో వెళ్లినా అక్కడికే చేరుకున్నాం.

తీరపువాసీ, ఒక్క విషయం చెప్పండి. మీ పెద్దాయన ఏ గళ్లు లెక్కపెట్టారు? మూలలా, మధ్యవా?

ల్యాబ్ బాబాయ్

ఆహా. మా రిపోర్టులన్నీ ఘన మిల్లీమీటరుకే ఉండేవి. పలుచన ఎప్పుడూ 20 రెట్లే, అందుకే 50 నోటికి వచ్చేసింది. అది ఎలా వచ్చిందో చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూశాను. ధన్యవాదాలమ్మా.

నీలిరంగు

నేను ఇక్కడే నగరంలో కణ సంవర్ధనం మీద పరిశోధన చేస్తున్నాను. మీరెవరూ ట్రిపాన్ బ్లూ ఊసెత్తలేదేమిటి? సగానికి సగం రంగు కలపాలి, చనిపోయినవి నీలంగా మారతాయి, మారనివి మాత్రమే లెక్కపెట్టి 2తో గుణించాలి. లేకపోతే చచ్చిన కణాలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి.

నా సమస్య కూడా చెబుతాను. నిన్న నాలుగు మూలల్లో 58, 9, 47, 22 వచ్చాయి. సగటు 34, రెట్టింపు చేస్తే 68, పదివేలతో గుణిస్తే మి.లీ.కి 6 లక్షల 80 వేలు. ఈ సంఖ్యను నమ్మి ఫ్లాస్కుల్లో పంచవచ్చా?

అలల లెక్క

నమ్మకండి. గుణకారంలో తప్పు లేదు, గళ్లలో తప్పు ఉంది. కణాలు విడివిడిగా, సమంగా పరుచుకుని ఉంటే ఒక గడికీ ఇంకో గడికీ మధ్య తేడా యాదృచ్ఛికంగా వచ్చేంతే ఉంటుంది. ఆ తేడాకు ఒక కొలత ఉంది, సగటుకు వర్గమూలం. 34కి వర్గమూలం దాదాపు 6. గళ్లలో చాలావరకు 34కు అటూ ఇటూ 12 లోపల, అంటే 22 నుంచి 46 మధ్య ఉండాలి. 58, 9 ఆ హద్దులు దాటి చాలా దూరం వెళ్లాయి. తీరపువాసి గళ్లు చూడండి. సగటు 36, వర్గమూలం 6, అన్నీ 31 నుంచి 42 లోపే ఉన్నాయి.

మీ కణాలు గుంపులుగా ఉన్నాయా? ట్రిప్సిన్ వేశాక సరిగా విడిపోకపోతే ఒక గడిలో ముద్ద పడుతుంది, పక్క గడి ఖాళీగా ఉంటుంది. పైపెట్‌తో నెమ్మదిగా పైకీ కిందకీ కదిపి, చాంబర్ కడిగి మళ్లీ నింపండి. రెండోసారి కూడా ఇలాగే వస్తే ముద్దలు ఇంకా ఉన్నట్టే. ముద్దలను అంచనాగా పది, పదిహేను అని కలుపుకుంటూ పోవద్దు.

ట్రిపాన్ బ్లూ మాట మీ కణాలకు వర్తిస్తుంది. తీరపువాసి లూగోల్ వేశారు కాబట్టి కణాలన్నీ అప్పటికే చనిపోయాయి, ఇక రంగుతో తెలిసేది ఏమీ ఉండదు.

నీలిరంగు

గుంపులే. కవర్‌స్లిప్ అంచు దగ్గర పెద్ద ముద్ద ఒకటి కనిపించింది, లెక్కకు బయట ఉందని వదిలేశాను. ఆ ముద్దలో ఉన్నవి కూడా ఫ్లాస్కులోంచి వచ్చినవే కదా. మళ్లీ నింపుతాను.

తీరపువాసి

మేడమ్, మధ్యాహ్నం భోజనాలప్పుడు మెల్లగా అడిగాను. ఆయన మూలలు చూడరట. మధ్య గడిలో మూడేసి గీతలతో విడదీసిన 25 గళ్లుంటాయి కదా, వాటిలో నాలుగు మూలలవీ, నడిమిదీ కలిపి అయిదు గళ్లు లెక్కపెడతారట. ఈ రోజు ఆయనకు వచ్చినవి 2, 1, 1, 2, 1. మొత్తం 7. దాన్ని 10తో, 10,000తో గుణించి 7 లక్షలు రాశారు.

ల్యాబ్ బాబాయ్

అది ఎర్ర రక్తకణాల పద్ధతి! ఆ అయిదు గళ్లు మేము వాటికే వాడేవాళ్లం. రక్తం 200 రెట్లు పలుచన చేసినా అయిదు గళ్లలో వందల కణాలు కనిపిస్తాయి.

అలల లెక్క

బాబాయ్ గారు సరిగ్గా పట్టుకున్నారు. మొత్తం తేడా ఇక్కడే ఉంది.

పదివేలతో గుణించడమనేది ఒక పెద్ద గడికి మాత్రమే వర్తిస్తుంది. ఎందుకంటే మిల్లీలీటరులో పదివేలో వంతు పట్టేది పెద్ద గడిలోనే. నడుమ ఉన్న పెద్ద గడిని 25 భాగాలు చేశారు. అయిదు భాగాలంటే దానిలో అయిదో వంతు. అయిదో వంతులో 7 కణాలుంటే మొత్తం పెద్ద గడిలో 35. దాన్ని 10తో, 10,000తో గుణిస్తే 35 లక్షలు. మీ 36 లక్షలకు పక్కనే ఉంది. ఆయన కళ్లు సరిగానే చూశాయి, అయిదుతో గుణించే మెట్టు ఒక్కటి జారిపోయింది.

అలాగని ఆ 35 లక్షలను మీ 36 లక్షలతో సమానంగా పట్టుకోవద్దు. ఇక్కడ కూడా వర్గమూలమే పనికొస్తుంది. 7కు వర్గమూలం 2.6, అంటే అదే నీటిని మళ్లీ మళ్లీ నింపి చూస్తే ఆయన సంఖ్య మామూలుగానే నాలుగు నుంచి పది వరకు ఊగుతుంది. పదిలో దాదాపు నాలుగు వంతుల అనిశ్చితి. మీరు లెక్కపెట్టినవి 144, వర్గమూలం 12, కాబట్టి అనిశ్చితి ఎనిమిది శాతం. ఈ రోజు ఆయనకు 7 పడింది. రేపు అదే ట్యాంకుకు 4 పడితే 20 లక్షలు అని రాసుకుంటారు, ట్యాంకు కూలిపోయిందని కంగారు పడతారు. ఎర్ర కణాలకు ఆ అయిదు గళ్లు చాలడానికి కారణం వాటిలో పడే కణాల సంఖ్యే. మీ పలుచనకు పెద్ద గళ్లే సరైనవి. పెద్ద గడికి 20 నుంచి 50 దాకా వస్తే హాయిగా లెక్కపెట్టవచ్చు. అంతకన్నా బాగా ఎక్కువైతే పలుచన పెంచండి, తక్కువైతే తగ్గించండి.

గంజాం వీధి

గీత మీద పడిన కణాల సంగతి ఏమిటి? నేను అన్నీ కలుపుకునేవాణ్ణి.

అలల లెక్క

రెండు వైపుల గీతల మీద ఉన్నవి కలుపుకుని, మిగతా రెండు వైపులవి వదిలేయాలి. పైగీత, ఎడమగీత మీదివి లెక్కకు, కిందిగీత, కుడిగీత మీదివి బయటకు అనుకోండి. ఏ రెండైనా ఫరవాలేదు, నాలుగు గళ్లకూ ఒకే నియమం ఉండాలి. నాలుగు వైపులవీ కలిపేస్తే ప్రతిసారీ ఎక్కువే వస్తుంది. ఎన్నిసార్లు లెక్కపెట్టి సగటు తీసినా ఆ ఎక్కువ పోదు.

హేచరీ పాతకాపు

అమ్మా, మీరు చెప్పిన లెక్క నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నేనూ ఈ తీరంలో హేచరీల్లో పనిచేసినవాణ్ణే కాబట్టి ఆ పెద్దాయన తరఫున ఒక మాట. తమ్ముడూ, రిజిస్టర్‌లో 7 లక్షలని రాశాక ఆయన నిజంగా 857 లీటర్లు పోశారా? పోసి ఉంటే పిల్లల ట్యాంకులో మి.లీ.కి మూడు లక్షలు దాటుతుంది. జోయియాలు దాన్ని తినలేవు. ఆల్గే అడుగున చేరి కుళ్లుతుంది, సాయంత్రానికి నీరు చెడుతుంది. అన్నేళ్లు అలా పోసిన మనిషి ఆ ఉద్యోగంలో ఉండరు. ఆయన ఎన్ని లీటర్లు పోశారో చూసి చెప్పు.

తీరపువాసి

అన్నా, మీరడిగింది చూసి ఆశ్చర్యపోయాను. ఆయన పోసింది 160 లీటర్ల దగ్గర. ట్యాంకు నీటి రంగు చూస్తారు. బీకరులో పిల్లలను వెలుతురుకు ఎత్తి పట్టి, తోక వెనక మలం దారంలా వేలాడుతోందో లేదో చూస్తారు. దారం పొడవుగా, తెగకుండా ఉంటే మేత చాలిందంటారు. రిజిస్టర్ కేవలం రాయడానికే. 857 అనేది ఆయన సంఖ్యతో నేను వేసిన లెక్క, ఆయన ఎప్పుడూ అంత పోయలేదు.

హేచరీ పాతకాపు

అదే అనుకున్నాను. కాబట్టి జాగ్రత్తగా విను. పాత రిజిస్టర్లలోని సంఖ్యలన్నీ నిజానికి అయిదో వంతు. రేపటి నుంచి నువ్వు సరైన లెక్క రాస్తే, పాత పుటలు చూసేవాళ్లకు ఆల్గే ఒక్క రాత్రిలో అయిదు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. పద్ధతి మార్చిన రోజు దగ్గర గీత గీసి, ఏ గళ్లు, ఎంత పలుచన అని రాసిపెట్టు. గోడ మీద మేత పట్టిక ఏదైనా ఉంటే అది ఎవరి సంఖ్యలతో తయారైందో కూడా కనుక్కో. ఆయన సంఖ్యలతో తయారైన పట్టికలో 16 వేలని ఉంటే అది నిజానికి 80 వేలు. దాన్ని నీ సరైన లెక్కతో కలిపి వాడితే పిల్లలు ఆకలికి పోతాయి.

తీరపువాసి

పట్టికలో 80 వేలనే ఉంది. బయటి నుంచి వచ్చిన పట్టిక అది. గీత గీసి రాస్తాను.

ఇంకొక సందేహం. పిల్లల ట్యాంకులో 20 వేలున్నాయని ముందు రాశాను కదా. అది పలుచన చేయకుండా నేరుగా చూసిన లెక్క. నాలుగు మూలల్లో 3, 1, 2, 2. మొత్తం 8, సగటు 2, పదివేలతో గుణిస్తే 20 వేలు. ఇప్పుడు మీ వర్గమూలం మాట విన్నాక దీని మీద కూడా నమ్మకం పోయింది.

అలల లెక్క

పోవాల్సిందే. 8కి వర్గమూలం 2.8. నిజం 13 వేలైనా కావచ్చు, 27 వేలైనా కావచ్చు. అంత పలుచని నీటికి ఈ చాంబర్ సరిపోదు. కొంత మెరుగు చేసుకోవాలంటే తొమ్మిది పెద్ద గళ్లూ లెక్కపెట్టండి, చాంబర్ రెండో వైపు కూడా నింపి మరో తొమ్మిది. పద్దెనిమిది గళ్లలో దాదాపు 36 కణాలు వస్తాయి, అనిశ్చితి పదిహేడు శాతానికి దిగుతుంది. భాగించేటప్పుడు 18తో అని మరిచిపోవద్దు.

ఇంకా మెరుగు కావాలంటే 100 మి.లీ. తీసి, లూగోల్ వేసి, పొడవాటి గాజు జాడీలో ఒక రోజంతా కదపకుండా ఉంచి, పైనున్న 90 మి.లీ. నెమ్మదిగా తీసేయాలి. మిగిలిన పదింటిలో కణాలు పది రెట్లు చిక్కబడతాయి. అప్పుడు చివర 10తో గుణించడం కాదు, భాగించాలి. ఇది మరుసటి రోజుకు గానీ అందదు కాబట్టి పొద్దుటి మేతకు పనికిరాదు. మీ రంగు అంచనా ఎంత దూరంలో ఉందో అప్పుడప్పుడు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

గంజాం వీధి

సెజ్విక్ రాఫ్టర్ గది వాడవచ్చు కదా? దానిలో పూర్తిగా ఒక మి.లీ. పడుతుంది.

అలల లెక్క

పడుతుంది, దాని లోతు పూర్తి 1 మి.మీ. అందువల్ల ఎక్కువ శక్తిగల కటకాన్ని దగ్గరకు తేలేరు, తక్కువ శక్తితో కీటోసెరాస్ లాంటి చిన్న కణాన్ని నమ్మకంగా గుర్తించలేరు. పెద్ద ప్లవకాలకు చాలా మంచిది, దీనికి నేను వాడను.

తీరపువాసీ, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మీ పనిలో ఉప్పు నీరు ఉంది. కవర్‌స్లిప్ ఆనే రెండు గట్ల మీద ఉప్పు ఎండి పేరుకుంటే కవర్‌స్లిప్ పైకి లేస్తుంది. 0.1 మి.మీ. ఉండాల్సిన లోతు 0.12 అయితే చాలు, ప్రతి లెక్కా ఇరవై శాతం ఎక్కువ వస్తుంది. గళ్లన్నీ సమంగానే కనిపిస్తాయి కాబట్టి వర్గమూలం పరీక్షకు అది దొరకదు. పని అయిన వెంటనే మంచినీటితో, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి తుడవండి. కవర్‌స్లిప్ నొక్కి పెట్టినప్పుడు గట్ల మీద సన్నని రంగుల చారలు కనిపిస్తేనే అది సరిగ్గా కూర్చున్నట్టు. చాంబర్‌తో వచ్చిన మందపాటి కవర్‌స్లిప్పే వాడండి, స్లైడుల మీద వేసే పల్చనిది వంగిపోతుంది. నీటిని అంచు నుంచి తనంతట తాను పాకనివ్వండి. పక్క కాలువల్లోకి పొంగితే తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

హేచరీ పాతకాపు

లూగోల్ చుక్కలు పలుచనలోకి రావా? రెండు చుక్కలని వదిలేశాడు.

అలల లెక్క

రెండు చుక్కలంటే సుమారు 0.1 మి.లీ. పది మిల్లీలీటర్లలో ఒక శాతం. లెక్కలో ఉన్న ఎనిమిది శాతం అనిశ్చితి ముందు అది కనపడదు. అదే లూగోల్ పూర్తిగా ఒక మి.లీ. పోస్తే మాత్రం మొత్తం 11 మి.లీ. అవుతుంది, గుణించాల్సింది 11తో.

తీరపువాసి

ఈ రోజు సాయంత్రం ఆయన పక్కనే కూర్చుని మధ్య గడి మొత్తం, 25 గళ్లూ లెక్కపెట్టాను. 39 వచ్చింది. ఆయన కూడా చూసి, అయిదుతో గుణించాలన్నమాట అని ఆయనే అన్నారు. మూలల పద్ధతికి మారడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. మధ్యలో గీతలు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒకే కణాన్ని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం తక్కువ అంటారు.

అలల లెక్క

ఆ మాటలో బలం ఉంది. మధ్య గడి 25 గళ్లూ పూర్తిగా లెక్కపెడితే అది ఒక మూల గడితో సమానమే. రెండు వైపులా నింపి రెండు మధ్య గళ్లూ, వీలైతే మూలలు రెండూ లెక్కపెట్టండి. మొత్తం వంద దాటితే ఎవరి పద్ధతైనా నాకు సమ్మతమే.

తీరపువాసి

ఇంకొకటి మిగిలింది. కొన్ని కణాలు రెండు మూడు కలిసి గొలుసుగా ఉంటాయి. కొన్ని లోపల గోధుమరంగు లేకుండా ఉత్త గాజు పెంకులా ఉంటాయి. ఆయన గొలుసును ఒకటిగా లెక్కిస్తారు, ఖాళీ పెంకులను కలుపుతారు.

అలల లెక్క

గొలుసులో ఎన్ని కణాలుంటే అన్ని. ఖాళీ పెంకులో మేత లేదు కాబట్టి నేను వదిలేస్తాను.

హేచరీ పాతకాపు

గొలుసు విషయంలో సరే. ఖాళీ పెంకులను మేమూ లెక్కించేవాళ్లం కాదు, విడిగా మాత్రం రాసేవాళ్లం. అవి పెరుగుతున్నాయంటే ఆల్గే ట్యాంకు ముసలిదైపోతోందని తెలిసేది. పూర్తిగా వదిలేస్తే ఆ కబురు పోతుంది.

అలల లెక్క

విడిగా రాయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ లూగోల్ వేశాక గోధుమరంగు ముదురుతుంది, సగం ఖాళీ అయిన కణం కూడా నిండుగా కనిపిస్తుంది. ఏది ఖాళీ, ఏది కాదు అనేదానికి ఇద్దరు మనుషులు ఒకే గీత గీయడం నేను చూడలేదు. లూగోల్ వేయని చుక్కను ఒకటి పక్కన పెట్టి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. తీరపువాసీ, వీలైతే రేపు రెండూ చూసి సంఖ్యలు ఇక్కడ పెట్టండి.